కుట్టిన టెండన్‌ను ఎప్పుడు, ఎంత కదిలించాలి? రెండో జోన్ గాయాల లెక్క

వేలికి అరచేతి వైపున సెంటీమీటరు పొడవు గాటు పడుతుంది. పది నిమిషాల్లో రక్తం ఆగుతుంది. చర్మానికి రెండు మూడు కుట్లు వేసి పంపిస్తారు. వారం తర్వాత కట్టు విప్పితే గాయం చక్కగా మానే ఉంటుంది, వేలు మాత్రం వంగదు. చేతి గాయాల్లో తరచుగా జారిపోయే సంగతి ఇదే. అంత చిన్న గాటు కింద, కండరాన్ని ఎముకకు కలిపి వేలిని వంచే తాళ్లలాంటి రెండు టెండన్లూ పూర్తిగా తెగి ఉండవచ్చు, పైకి ఏమీ తెలియదు. ఆ తెగిన చోటు వేలి మొదలుకూ మధ్య భాగానికీ నడుమ ఉంటే కథ ఇంకా జటిలం. అక్కడ టెండన్‌ను అతికించడం సగం పనే. అతికిన టెండన్ జారాలి కూడా. అతుక్కోవాలంటే కదలకూడదు, జారాలంటే కదలాలి. ఈ రెండింటినీ సర్జన్, థెరపిస్టు ఎలా పొసగిస్తారన్నదే ఈ వ్యాస విషయం.

ప్రతి వేలికీ వంచే టెండన్లు రెండు ఉంటాయి, బొటన వేలికి మాత్రం ఒకటే పొడవాటి టెండన్. ముంజేతి కండరాల నుంచి బయల్దేరే ఈ రెంటిలో లోతుగా నడిచేది ఫ్లెక్సర్ డిజిటోరమ్ ప్రొఫండస్. అది వేలి చివరి ఎముక దాకా వెళ్లి, గోరు దగ్గరి కీలును వంచుతుంది. దాని మీదుగా వచ్చే సూపర్‌ఫిషియాలిస్ మధ్య ఎముకకు అంటుకుని మధ్య కీలును వంచుతుంది. సౌకర్యం కోసం వీటిని లోతు టెండన్, పై టెండన్ అనుకుందాం. వేలి మొదట్లో ఒక విచిత్రం జరుగుతుంది. పై టెండన్ రెండు పాయలుగా చీలుతుంది, లోతు టెండన్ ఆ చీలిక గుండా పైకి వస్తుంది, విడిపోయిన పాయలు దాని వెనక మళ్లీ కలుసుకుంటాయి. ఇదంతా ఎముకకు ఆనుకున్న ఒక ఇరుకు సొరంగంలో జరుగుతుంది. ఆ సొరంగాన్ని అక్కడక్కడా గట్టి పట్టీలు బిగించి ఉంచుతాయి. వీటినే పుల్లీలు అంటారు. గాలపు కర్ర మీద రింగులు దారాన్ని కర్రకు ఆనించి పట్టుకున్నట్టు ఇవి టెండన్‌ను ఎముకకు ఆనించి పట్టుకుంటాయి. వలయాకారపు పుల్లీలు ఐదు. వాటిలో మొదటి ఎముక మీదుండే ఏ2, మధ్య ఎముక మీదుండే ఏ4 ముఖ్యమైనవి. ఇవి రెండూ పూర్తిగా పోతే వేలు వంచినప్పుడు టెండన్ చర్మం కింద వింటి నారిలా లేచి, కండరం లాగిన దూరం వృథా అవుతుంది.

చేతిని ఐదు జోన్లుగా విభజించే పద్ధతిలో మొదటి జోన్ పై టెండన్ అంటుకున్న చోటు దాటాక వేలి కొస వైపు ఉంటుంది. అక్కడ తెగేది లోతు టెండన్ ఒక్కటే. మూడో జోన్ అరచేయి, నాలుగోది మణికట్టు దగ్గరి కార్పల్ టనెల్, ఐదోది ముంజేయి. బొటన వేలికి వేరే లెక్క ఉంది. అరచేతిలోనూ ముంజేతిలోనూ టెండన్ చుట్టూ మెత్తని, వదులైన కణజాలం ఉంటుంది కాబట్టి అక్కడి కుట్లు సాధారణంగా బాగానే పనిచేస్తాయి. ముంజేతిలో అసలు భయం టెండన్ల గురించి కాదు, పక్కనే తెగే పెద్ద నాడుల గురించీ రక్తనాళాల గురించీ.

మిగిలింది రెండో జోన్. అరచేతిలో వేళ్ల వైపున్న అడ్డగీత దగ్గర, ఏ1 పుల్లీ మొదలయ్యే చోటు నుంచి పై టెండన్ మధ్య ఎముకకు అంటుకునే చోటు వరకు ఇది ఉంటుంది. రెండు టెండన్లు, ఒకే ఇరుకు సొరంగం, సాగని పుల్లీలు. చేతి శస్త్రచికిత్సకు పునాది వేసినవాళ్లలో ఒకరైన స్టెర్లింగ్ బన్నెల్ దీన్ని ‘నో మ్యాన్స్ ల్యాండ్’ అన్నారు. ఇక్కడ వెంటనే టెండన్‌ను కుట్టడం దండగ, గాయం మానాక వేరేచోటి టెండన్ ముక్క తెచ్చి గ్రాఫ్ట్ వెయ్యడమే మేలు అన్నది ఆనాటి అభిప్రాయం. అలా అనుకోవడానికి కారణం ఉంది. అప్పటి కుట్లతో టెండన్ అతుక్కునేది, కాకపోతే చుట్టూ ఉన్న సొరంగానికీ ఎముకకూ కూడా అతుక్కునేది. 1960ల్లో అమెరికాలోని లూయీవిల్‌లో హెరాల్డ్ క్లైనర్ట్ బృందం ఈ జోన్‌లోనే వెంటనే కుట్టి, రబ్బరు బ్యాండు సాయంతో తొలిరోజుల నుంచే వేలిని కదిలించి మంచి ఫలితాలు చూపించింది. 1967లో అవి ప్రచురితమయ్యాక ‘కుట్టాలా వద్దా’ అన్న వాదం సద్దుమణిగి, ‘ఎలా కదిలించాలి’ అన్న వాదం మొదలైంది. ఆ వాదం ఇంకా పూర్తిగా తేలలేదు.

గాయం ఒకచోట, తెగిన కొన ఇంకోచోట

లెక్క అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ముప్పై ఏళ్ల వ్యక్తి కడుగుతున్న గాజు గ్లాసు చేతిలోనే పగిలింది. కుడి ఉంగరపు వేలి మొదటి ఎముక మధ్యలో, అరచేతి వైపున అడ్డంగా గాటు. టేబుల్ మీద చెయ్యి వెల్లకిలా పెట్టమంటే మిగతా వేళ్లు కాస్త వంగి వరసగా ఉన్నాయి, ఉంగరపు వేలు ఒక్కటే చాపుకుని పడి ఉంది. అనుభవం ఉన్నవాళ్లకు ఆ ఒక్క చూపుతోనే సగం విషయం తెలుస్తుంది. స్పృహలో లేనివాళ్లలో, చెప్పిన మాట వినని పిల్లల్లో కూడా ఇది పనిచేస్తుంది.

తర్వాత రెండు పరీక్షలు. మధ్య కీలును కదలకుండా పట్టుకుని, వేలి కొస మాత్రం వంచమనాలి. వంగకపోతే లోతు టెండన్ తెగినట్టు. ఇక మిగతా మూడు వేళ్లను చాపి గట్టిగా పట్టుకుని, ఈ వేలిని మధ్య కీలు దగ్గర వంచమనాలి. మిగతా వేళ్లను ఎందుకు పట్టుకోవాలంటే లోతు టెండన్లు ముంజేతిలో దాదాపు ఒకే కండరం నుంచి వస్తాయి, వేళ్లన్నిటినీ కలిపి లాగుతాయి. వాటిని అలా కట్టడి చేస్తే మిగిలేది పై టెండన్ పని ఒక్కటే. మన ఉదాహరణలో రెండూ లేవు. వేలికి ఒక పక్క స్పర్శ కూడా తెలియడం లేదు, అంటే ఆ పక్క నాడి తెగింది. ఈ స్పర్శ పరీక్ష మత్తు సూది వెయ్యకముందే చెయ్యాలి. తర్వాత చేస్తే దానికి అర్థం ఉండదు.

వేలు కాస్త వంగుతూ, ఎదురు ఒత్తిడి పెట్టినప్పుడు మాత్రం నొప్పి పుడుతుంటే టెండన్ పాక్షికంగా తెగి ఉండవచ్చు. వంగుతోంది కదా అని దాన్ని వదిలేస్తే కొన్ని రోజుల తర్వాత మిగిలిన పోగులు తెగిపోవచ్చు, లేదా చినిగిన అంచు పుల్లీకి తగిలి వేలు పట్టేయవచ్చు. సుమారు అరవై శాతానికి మించి తెగితే కుట్టడం మంచిదని ఎక్కువమంది పాటిస్తారు. అంతకంటే తక్కువైతే అంచు సరిచేసి కదలనిస్తారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. గ్లాసు పగిలినప్పుడు ఆ వ్యక్తి పిడికిలి బిగించి ఉన్నాడు. వేలు వంగి ఉన్నప్పుడు టెండన్ తెగితే, తర్వాత వేలు చాపగానే తెగిన కింది కొన చర్మపు గాటుకు సెంటీమీటరో ఇంకా ఎక్కువో దూరంలో, వేలి కొస వైపు జరిగిపోతుంది. వేలు చాపి ఉన్నప్పుడు తెగితే కొన గాటు దగ్గరే దొరుకుతుంది. ముంజేతి వైపున్న పై కొన సంగతి వేరు. దాన్ని కండరం లాక్కుంటుంది. టెండన్‌కు రక్తం తెచ్చే సన్నని పొరలు నిలిచి ఉంటే అది సొరంగంలోనే ఆగుతుంది, లేకపోతే అరచేతిలోకి వెళ్లిపోతుంది. అందుకే ‘గాయం ఎక్కడ పడింది’ అన్నదాని కంటే ‘గాయం పడినప్పుడు వేలు ఎలా ఉంది’ అన్నది సర్జన్‌కు ఎక్కువ ఉపయోగపడే ప్రశ్న. కోత ఎటువైపు పొడిగించాలో దానితోనే తేలుతుంది.

కుట్టు ఎంత బరువు మోస్తుంది

ఆపరేషన్‌ను తొలి కొద్ది రోజుల్లోనే చేస్తారు. వారాలు గడిస్తే కండరం కుంచించుకుని, సొరంగం ముడుచుకుని పని కష్టమవుతుంది. చర్మాన్ని జిగ్‌జాగ్‌గా కోసి తెరుస్తారు. నేరుగా నిలువుగా కోస్తే మానిన మచ్చ వేలిని లోపలికి లాగేస్తుంది. టెండన్ కొనలను కొసన మాత్రమే, అతి సున్నితంగా పట్టుకోవాలి. పట్టకారుతో నొక్కిన ప్రతి చోటా తర్వాత టెండన్‌ను సొరంగానికి అంటించేసే ఒక అతుకు పుట్టే అవకాశం ఉంటుంది.

అసలు బలమంతా మధ్యకుట్టుది. టెండన్ లోపల గుండా నడిచే ఈ కుట్టు, తెగిన చోటును ఎన్ని దారపు పోగులు దాటుతున్నాయో దాన్నిబట్టి బలపడుతుంది. పాతకాలపు కెస్లర్ పద్ధతిలో రెండు పోగులు. దాని బలం సుమారు ఇరవై నుంచి ఇరవై ఐదు న్యూటన్లు, అంటే రెండు రెండున్నర కిలోల బరువు మోసేంత. నాలుగు పోగులైతే దాదాపు నాలుగు కిలోలు, ఆరు పోగులైతే సుమారు ఆరు కిలోలు. దారం మందం, ముడి తీరు, సర్జన్ చెయ్యి బట్టి ఇవి కొంత మారతాయి. ఇప్పుడు మోత ఎంతో చూద్దాం. థెరపిస్టు తన చేత్తో వేలిని మెల్లగా వంచినప్పుడు టెండన్ మీద పడే బలం కొన్ని వందల గ్రాములు. వ్యక్తి తానే, ఏ ఎదురు బలమూ లేకుండా వంచితే కిలో నుంచి మూడున్నర కిలోల దాకా పడవచ్చు. వేలి కొసలతో గట్టిగా చిటికె పట్టు పడితే పది కిలోలు దాటుతుంది. ఈ రెండు వరసలను పక్కపక్కన పెడితే రెండు పోగుల కుట్టుతో వేలిని స్వయంగా వంచమనడం ఎందుకు ప్రమాదమో, నాలుగు పోగులు ఎందుకు కనీస షరతు అయ్యాయో అర్థమవుతుంది. దానితో కూడా చిటికె పట్టుకు మాత్రం అనుమతి ఉండదు.

పోగుల సంఖ్య ఒక్కటే చాలదు. కుట్టు అతుకుకు ఎంత దూరంలో టెండన్‌ను పట్టుకుందో అది కూడా ముఖ్యం. ఏడు మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు దాకా దూరం ఉండాలి. తెగిన అంచుకు దగ్గరగా కుడితే మెత్తబడిన టెండన్ పోగుల్లోంచి దారం జారి వచ్చేస్తుంది. దారం సాధారణంగా 3-0 లేదా 4-0 మందంలో ఉంటుంది. ముడి వేసేటప్పుడు కొనలు సరిగ్గా తాకేలా కాకుండా, అతుకు దగ్గర టెండన్ కాస్త ఉబ్బేంత బిగిస్తారు. తర్వాత లాగుడు పడినప్పుడు ఆ బిగువు ఖర్చవుతుంది తప్ప మధ్యలో ఖాళీ ఏర్పడదు. కనిపించడానికి ముచ్చటగా, బల్లపరుపుగా ఉన్న కుట్టు మొదటి వారంలోనే విడివడటం, కాస్త లావుగా కనిపించిన కుట్టు నిలవడం చేతి సర్జన్లకు తెలిసిన సంగతే.

ఈ ఖాళీ విషయంలో ఒక అంకె గుర్తుంచుకోదగ్గది. గెల్బర్‌మన్ బృందం కుక్కల్లో చేసి 1999లో ప్రచురించిన పరిశోధనలో, అతుకు దగ్గర మూడు మిల్లీమీటర్లకు మించి ఖాళీ ఏర్పడిన టెండన్లు పదో రోజు నుంచి ఆరు వారాల దాకా చూసినా చెప్పుకోదగ్గ బలం పుంజుకోలేదు. ఖాళీ లేనివి, అంతకంటే తక్కువ ఖాళీ ఉన్నవి పుంజుకున్నాయి. అంటే కుట్టు తెగకపోయినా విఫలం కావచ్చు. మధ్యకుట్టు మీద చుట్టూ 6-0 సన్నదారంతో వేసే అంచు కుట్టు ఈ ఖాళీని ఆపడానికే. అది అతుకును నునుపు చేసి, కొంత అదనపు బలం కూడా ఇస్తుంది.

రెండో వైపు: అడ్డు ఎంత

బలం గురించే మాట్లాడితే లెక్క సగమే. అదే పనిగా పోగులు పెంచి, లావు పెంచి కుడితే టెండన్ పుల్లీ కింద దూరదు. ప్రతిసారీ పుల్లీ అంచుకు తగిలి ఆగితే, దాన్ని లాగడానికి కండరం ఇంకా ఎక్కువ బలం వాడాలి. ఆ బలం పడేది కుట్టు మీదే. తొలిరోజుల వాపు కూడా ఈ అడ్డులో భాగమే. కుట్టిన తర్వాత టెండన్లు తెగిపోవడానికి కారణం బలం తక్కువ కావడం ఒక్కటే కాదు, అడ్డు ఎక్కువ కావడం కూడా. ఈ రెండో వైపును సర్జన్లు చాలాకాలం పట్టించుకోలేదు.

ఏ2, ఏ4 పుల్లీలను ముట్టుకోకూడదని దశాబ్దాల పాటు పాఠంగా చెప్పేవారు. చైనాకు చెందిన జిన్ బో టాంగ్ లాంటివాళ్లు దాన్ని సవరించారు. మిగతా పుల్లీలు బాగుంటే, కుట్టు దూరడానికి అవసరమైన మేరకు ఏ4ను పూర్తిగా గానీ, ఏ2లో సగం నుంచి మూడింట రెండొంతుల దాకా గానీ తెరవవచ్చు. తెరిచిన మొత్తం పొడవు రెండు సెంటీమీటర్లు దాటకపోతే చాలు, టెండన్ చెప్పుకోదగ్గంత లేవదు. టాంగ్ రెండో జోన్‌ను మళ్లీ నాలుగు భాగాలు చేశారు. వాటిలో ఏ2 కింద ఉండే ‘2సి’ అన్నిటికంటే ఇరుకు. మన ఉదాహరణలోని వ్యక్తికి తెగింది సరిగ్గా అక్కడే.

కాబట్టి సర్జన్ ఏ2లో కొస వైపు సగం తెరిచాడు. లోతు టెండన్‌ను నాలుగు పోగులతో కుట్టి అంచు కుట్టు వేశాడు. పై టెండన్ రెండు పాయలనూ కుడితే సొరంగం నిండిపోయేలా ఉంది. ఒక పాయను కుట్టి ఇంకోదాన్ని తీసేశాడు. ఇది రాజీయే. మధ్య కీలు బలం కొంత తగ్గుతుంది, లోతు టెండన్‌కు మాత్రం చోటు దొరుకుతుంది. స్పర్శ నాడిని భూతద్దం కింద కలిపాడు. చర్మం మూసేముందు ఒక పరీక్ష చేశాడు. వేలిని పూర్తిగా చాపి చూశాడు, అతుకు విడివడలేదు. సగం వంచాడు, ఎక్కడా తట్టుకోలేదు. పూర్తిగా వంచాడు, లావైన భాగం పుల్లీ అంచుకు ఆనలేదు. ఈ మూడింటిలో ఏది కుదరకపోయినా అప్పుడే సరిచెయ్యాలి. మూడు వారాల తర్వాత తెలిసి లాభం లేదు.

ఈ పరీక్షను రోగి చేతనే చేయించే పద్ధతి ఇప్పుడు బాగా వ్యాపించింది. పూర్తి మత్తు లేకుండా, రక్తం ఆపే టూర్నికే పట్టీ కట్టకుండా, తిమ్మిరి మందు లిడోకేన్‌లో రక్తనాళాలను ముడిచే ఎపినెఫ్రిన్ కలిపి వేలి చుట్టూ ఎక్కిస్తారు. రక్తస్రావం ఆగుతుంది, కండరం మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. కుట్టు అయ్యాక ‘వేలు వంచండి’ అంటే రోగే వంచుతాడు. చేత్తో లాగి చూసినప్పుడు కనబడని ఖాళీ అప్పుడు బయటపడుతుంది. వేలికి ఎపినెఫ్రిన్ ఇస్తే వేలు చచ్చిపోతుందన్న పాత భయాన్ని కెనడాకు చెందిన డొనాల్డ్ లలోండ్ తదితరులు పోగొట్టాకే ఇది సాధ్యమైంది.

మొదటి ఆరు వారాలు

ఆపరేషన్ అయిన మర్నాడే కదిలించడం మంచిది కాదు. అప్పుడు వాపు ఎక్కువ, అడ్డు ఎక్కువ, మళ్లీ రక్తం కారే అవకాశం ఎక్కువ. మూడు నుంచి ఐదో రోజు మధ్య మొదలుపెడతారు. అప్పటికి వాపు తగ్గుముఖం పడుతుంది, టెండన్‌ను చుట్టూ అంటించే అతుకులు గట్టిపడటం ఇంకా మొదలుకాదు. అప్పటిదాకా చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉండాలి.

థెరపిస్టు మొదట ఆపరేషన్ నోట్స్ చూడాలి. ఎన్ని పోగులు, ఏ పుల్లీ తెరిచారు, పై టెండన్ ఏం చేశారు, నాడి కలిపారా అన్నవి తెలియకుండా వ్యాయామం చెప్పడం చీకట్లో పని. రెండు పోగుల కుట్టు అని ఉంటే స్వయంగా వంచే పద్ధతి మొదలుపెట్టకూడదు. చేత్తో వంచి, స్వయంగా చాపే పాత పద్ధతే దానికి సరి. 1975లో డ్యురాన్, హౌసర్ చూపించింది అదే. మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల జారుడు ఉంటే గట్టి అతుకులు పడవని వాళ్ల లెక్క. చిక్కేమిటంటే చేత్తో వంచినప్పుడు టెండన్ లాగబడదు, నెట్టబడుతుంది. వాచిన సొరంగంలో నెట్టిన టెండన్ ప్రతిసారీ జారదు, కొన్నిసార్లు మడత పడుతుంది. కీలు కదిలినట్టు కనిపిస్తుంది, టెండన్ అక్కడే ఉంటుంది. స్వయంగా వంచితే టెండన్ కచ్చితంగా జారుతుంది. 1989లో బెల్‌ఫాస్ట్ సర్జన్లు ప్రచురించిన పద్ధతి దీన్ని విస్తృతంగా వాడుకలోకి తెచ్చింది.

మన ఉదాహరణలోని వ్యక్తికి నాలుగో రోజు లావు కట్టు విప్పి పలచని డ్రెస్సింగ్ వేశారు. లావు కట్టు వేలు వంగేందుకు అడ్డమే. చేతి వెనక వైపు నుంచి అచ్చులా స్ప్లింట్ చేశారు. మణికట్టు నిటారుగా లేదా కాస్త వెనక్కి, పిడికిలి కీళ్లు ముప్పై డిగ్రీలు ముందుకు వంగి, వేళ్ల కీళ్లు స్ప్లింట్‌కు ఆని పూర్తిగా చాపగలిగేలా. పాతరోజుల్లో మణికట్టును ముందుకు బాగా వంచి కట్టేవారు, టెండన్ వదులుగా ఉంటుందని. అయితే ఆ భంగిమలో వేళ్లు వంచాలంటే కండరం ఎక్కువ కష్టపడాలి. మణికట్టును కాస్త వెనక్కి వంచి చూడండి, వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. ఆ సహజమైన సాయాన్ని వాడుకోవడమే కొత్త స్ప్లింట్ల ఉద్దేశం.

మెలకువగా ఉన్నంతసేపూ గంటకో రెండు గంటలకో ఒకసారి అతను చెయ్యాల్సింది ఇది. మొదట రెండో చేత్తో వేళ్లను మెల్లగా పూర్తిగా ముడిచి చాపడం, పదిసార్లు దాకా. కీళ్ల బిగువు ఇలా వదిలితే తర్వాతి మెట్టులో టెండన్ మీద భారం తగ్గుతుంది. కొందరు ఈ మెట్టు దాటేసి నేరుగా రెండోదానికి వెళ్తారు, అదే పొరపాటు. తర్వాత వేలిని స్ప్లింట్ దాకా పూర్తిగా చాపడం. ఆ తర్వాతే స్వయంగా వంచడం. మొదటి వారాల్లో పిడికిలిలో మూడో వంతు నుంచి సగం దాకా మాత్రమే, చివరి కీలు నుంచి మొదలుపెట్టి. ఎందుకు సగమే? వంపు చివరి భాగంలో అడ్డు ఒక్కసారిగా పెరుగుతుంది. వేలి కొస అరచేతికి ఆనేలా బిగించే ఆ ఆఖరి కొద్ది దూరానికి, అంతకుముందు మొత్తానికి పట్టినంత బలం పట్టవచ్చు. ఆ బలంతో కొనుక్కునే అదనపు జారుడు తొలి వారాల్లో అవసరం లేదు.

మూడో వారం నుంచి వంపు పెంచుతారు. నాలుగైదు వారాలకు పూర్తి పిడికిలి వైపు తీసుకెళ్తారు. ఆరో వారం దగ్గర స్ప్లింట్ తీస్తారు. అంతమాత్రాన టెండన్ మానినట్టు కాదు. తేలికపాటి పనులు ఎనిమిదో వారం దాటాక, బరువులెత్తడం పన్నెండో వారం తర్వాతే. నొప్పి లేకపోవడాన్ని చూసి తొందరపడి, స్ప్లింట్ విప్పి సంచి పట్టుకున్నవాళ్లలో తెగడం ఎక్కువ. టెండన్‌కు తాను బలహీనంగా ఉన్నానని చెప్పే నొప్పి ఉండదు.

అంకెలు ఏం చెబుతాయి

నాలుగో వారంలో మన ఉదాహరణలోని వేలు ఇలా ఉంది. స్వయంగా వంచితే మధ్య కీలు 85 డిగ్రీలు, చివరి కీలు 25. థెరపిస్టు వంచితే 100, 60. చాపినప్పుడు మధ్య కీలు 10 డిగ్రీలు వెనకబడుతోంది. స్ట్రిక్‌లాండ్ పద్ధతిలో రెండు కీళ్ల స్వయం వంపు కలిపి, చాపలేని డిగ్రీలు తీసేసి, 175తో భాగిస్తారు.

(85 + 25 − 10) ÷ 175 × 100 = 57 శాతం

85 దాటితే అత్యుత్తమం, 70 దాటితే మంచిది, 50 దాటితే ఓ మోస్తరు, దానికి దిగువన పేలవం. నాలుగో వారంలో 57 భయపడాల్సిన అంకె కాదు. అసలు చూడాల్సింది ఇంకొకటి. థెరపిస్టు వంచితే మొత్తం 160, తాను వంచితే 110. ఈ 50 డిగ్రీల తేడా కీలు బిగువు వల్ల కాదు, టెండన్ పూర్తిగా జారకపోవడం వల్ల. చివరి కీలులో 35 డిగ్రీల తేడా ఉండటం లోతు టెండనే చుట్టూ అంటుకుంటోందని చెబుతుంది. ఈ తేడా వారం వారం తగ్గుతుంటే ఉన్నదాన్నే కొనసాగించాలి. తేడా తగ్గకుండా ఉంటే భారం కాస్త పెంచి, చివరి కీలును విడిగా వంచే వ్యాయామం ఇవ్వాలి. చేత్తో వంచినా వంగకపోతే అది కీలు బిగువు, దాని వైద్యం వేరు. అతుకు దానికి సగమే కారణం, లేదా కారణమే కాదు.

ఇక్కడ పైకి వింతగా కనిపించే నియమం ఒకటి ఉంది. మొదటి మూడు వారాల్లోనే వేలు అద్భుతంగా, అవలీలగా పూర్తి పిడికిలికి వస్తుంటే థెరపిస్టు సంతోషించకూడదు, భారం తగ్గించాలి. అంత సులువుగా జారుతోందంటే చుట్టూ మచ్చ చాలా తక్కువ ఏర్పడింది, కుట్టును కాపాడే తోడు లేదు. తెగిపోయే ప్రమాదం ఆ వేలికే ఎక్కువ. కాస్త పట్టేసినట్టున్న వేలిని ధైర్యంగా కదిలించవచ్చు.

తెగితే ఎలా తెలుస్తుంది? రోగి ‘ఏదో టక్కుమంది’ అంటాడు, లేదా నిన్నటిదాకా వంగిన చివరి కీలు ఈరోజు వంగదు. నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. మణికట్టును వెనక్కి వంచినప్పుడు మిగతా వేళ్లు ముడుచుకుని ఈ వేలు మాత్రం చాపుకునే ఉంటే తెగినట్టే. అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్ తేలుస్తుంది. టెండన్ చుట్టూ అంటుకున్న వేలు క్రమంగా, వారాల మీద వెనకబడుతుంది. తెగిన వేలు ఒక్కరోజులో వెనకబడుతుంది. ఈ తేడాను రోగికి మొదటి రోజే చెప్పాలి. తెగిన కొద్ది రోజుల్లోనే వస్తే మళ్లీ కుట్టే అవకాశం ఉంటుంది, నెల దాటాక వస్తే చాలాసార్లు గ్రాఫ్ట్ దాకా వెళ్లాలి. ప్రచురితమైన ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణల్లో తెగిపోవడం సుమారు నాలుగు శాతం దగ్గర కనిపిస్తుంది.

అందరికీ ఈ పద్ధతి కుదరదు. చెప్పింది అర్థం చేసుకుని పాటించలేని చిన్నపిల్లలకు మూడు నాలుగు వారాలు కదలకుండా కట్టడమే భద్రం, వాళ్ల వేళ్లు ఆ తర్వాత బాగానే కోలుకుంటాయి. ఎముక విరిగి స్థిరంగా నిలవని వేలికి, చర్మమే పోయిన గాయానికి, మడత పెట్టిన కాగితంలా నలిగిన టెండన్ కొనలకు లెక్క మళ్లీ మొదటి నుంచి వెయ్యాలి.

మన ఉదాహరణలోని వ్యక్తికి పన్నెండో వారంలో మధ్య కీలు 95, చివరి కీలు 45, చాపలేని డిగ్రీలు 5. అంటే 135ను 175తో భాగిస్తే 77 శాతం. పిడికిలి బిగిస్తే వేలి కొస అరచేతిని తాకుతుంది, గట్టిగా పట్టుకున్నప్పుడు చివరి కీలు కాస్త తక్కువ వంగుతుంది. చేత్తో వంచితే పూర్తిగా వంగుతూ, స్వయం వంపు మాత్రం అక్కడే ఆగిపోతే, అతుకులు విడదీసే టెనోలైసిస్ అనే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. దానికి కూడా కనీసం మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి. మచ్చ మెత్తబడకముందే విడదీస్తే మళ్లీ అంతే గట్టిగా అతుకుతుంది, అప్పుడప్పుడు విడదీసిన టెండనే తెగుతుంది. 77 శాతంతో తన పని తాను చేసుకోగలుగుతున్న మనిషికి ‘అత్యుత్తమం’ చేరే మిగతా 8 శాతం కోసం ఇంకో కోత పెట్టడం చాలామంది సర్జన్లు సలహా ఇవ్వరు.